నల్ల చారలు పడని బ్రేకు

హైవే మీద ప్రయాణం చేసేటప్పుడు తారు మీద అక్కడక్కడా రెండు నల్లటి చారలు కనిపిస్తుంటాయి. ఎవరో, ఎప్పుడో, దేన్నో తప్పించబోయి బ్రేకు గట్టిగా తొక్కిన గుర్తు అది. ఆ చారలను కాస్త పరిశీలనగా చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. రోడ్డు మలుపు తిరిగినా చాలాసార్లు చారలు మాత్రం తిరగవు. గీత గీసినట్టు తిన్నగా వెళ్లి రోడ్డంచు దాటేస్తాయి. బండి నడిపినవాడు స్టీరింగు తిప్పలేదని కాదు, తిప్పే ఉంటాడు. ఆ క్షణాన బండి స్టీరింగు మాట వినలేదు.

చక్రం తిరగడం మానేసి, బిగుసుకుపోయి, రోడ్డు మీద ఈడ్చుకుపోతే పడే గుర్తే ఆ చార. ఏబీఎస్ అని మనం పిలుచుకునే యాంటీ లాక్ బ్రేకింగ్ సిస్టమ్ పుట్టింది ఆ బిగుసుకుపోవడాన్ని ఆపడానికే. దీన్ని బండిని తక్కువ దూరంలో ఆపే యంత్రం అనుకునేవాళ్లు చాలామంది. తడి రోడ్డు మీద అది నిజమే కావచ్చు గాని, దాని అసలు పని వేరు. బ్రేకు ఎంత గట్టిగా తొక్కినా స్టీరింగు చేతిలోనే ఉండేలా చూడటం దాని పని.

బిగుసుకున్న చక్రానికీ స్టీరింగుకూ సంబంధం ఎందుకు తెగిపోతుంది? సైకిలును ముందుకు తోస్తే చిటికెన వేలుతో కదులుతుంది. అదే సైకిలును పక్కకు తోయబోతే టైరు మొరాయిస్తుంది. తిరిగే చక్రానికి ఉన్న గుణమిది: తాను చూస్తున్న వైపు తేలిగ్గా దొర్లుతుంది, అడ్డంగా జరగమంటే ఎదురు తిరుగుతుంది. ఆ ఎదురు తిరిగే బలంతోనే బండి మలుపు తిరుగుతుంది. బిగుసుకున్న చక్రానికి ఈ తేడా ఉండదు. అది వంటింటి పీట లాంటిది. నున్నటి బండల మీద పీటను తోస్తే, దాని ముఖం ఎటున్నా, తోసిన వైపే జారుతుంది. ముందు చక్రాలు రెండూ బిగుసుకున్న కారు కూడా అంతే. చక్రాలను ఎటు తిప్పినా, అప్పటిదాకా పోతున్న దిక్కుకే పోతుంది. వెనక చక్రాలు ముందుగా బిగుసుకుంటే మరీ ప్రమాదం. వెనక భాగం పక్కకు విసురుగా వచ్చి బండి గిర్రున తిరిగిపోతుంది.

మరి బిగుసుకోకుండా, గట్టిగా పట్టేలా బ్రేకు వేయాలంటే ఎంత వేయాలి? లెక్కంతా ఇక్కడే ఉంది. బ్రేకు వేసినప్పుడు చక్రం బండికంటే కాస్త నెమ్మదిగా తిరుగుతుంది. బండి గంటకు 70 కిలోమీటర్ల వేగంతో పోతుంటే, చక్రం అంచు 60 కిలోమీటర్ల వేగంతో మాత్రమే తిరుగుతుందనుకుందాం. ఆ తేడానే జారుడు అంటారు. వినడానికి చెడ్డమాటలా ఉన్నా, కొంత జారుడు లేనిదే టైరు బ్రేకు పట్టదు. రోడ్డును తాకే చోట రబ్బరు సాగి, ఒత్తుకుని పట్టు ఇస్తుంది. మామూలు రోడ్ల మీద ఈ జారుడు 10 నుంచి 20 శాతం మధ్య ఉన్నప్పుడు పట్టు అన్నిటికంటే ఎక్కువగా ఉంటుంది. అది దాటితే పట్టు పెరగకపోగా తగ్గడం మొదలవుతుంది.

చిక్కు కూడా అక్కడే. పట్టు తగ్గిందంటే చక్రాన్ని తిప్పుతున్న రోడ్డు బలం తగ్గినట్టు. బ్రేకు బలం మాత్రం తగ్గలేదు, పాదం అలాగే ఉంది. దాంతో చక్రం ఇంకా నెమ్మదిస్తుంది, జారుడు ఇంకా పెరుగుతుంది, పట్టు ఇంకా తగ్గుతుంది. కొండ శిఖరం దాటి అవతలి వాలులో కాలు పెట్టినట్టే. పావు సెకను తిరక్కుండానే చక్రం పూర్తిగా ఆగిపోగలదు. అంత తక్కువ వ్యవధిలో సంగతి గ్రహించి పాదాన్ని సరిగ్గా కావలసినంతే వెనక్కి తీయడం మనిషి వల్ల అయ్యే పని కాదు. పాతకాలపు డ్రైవర్లు బ్రేకును ఒక్కసారిగా తొక్కకుండా తొక్కి వదిలి, తొక్కి వదిలి ఆపేవారు. కొత్తవాళ్లకు కూడా అలాగే నేర్పేవారు. పద్ధతి సరైనదే. కాకపోతే పాదం సెకనుకు రెండు మూడు సార్లకు మించి ఆడదు. పైగా ఒకే పెడల్‌తో నాలుగు చక్రాలకూ ఒకేసారి వదలాలి, ఏ ఒక్కదానికో విడిగా వదలడం కుదరదు.

ఈ పని యంత్రానికి అప్పగించాలన్న ఆలోచన మొదట కార్ల కోసం వచ్చింది కాదు. తడి రన్‌వే మీద దిగే విమానం చక్రం బిగుసుకుంటే టైరు ఒకేచోట అరిగి పేలిపోతుంది. అందుకని 1950ల మొదట్లో ఇంగ్లండులోని డన్‌లప్ కంపెనీ మ్యాక్సరెట్ అనే పరికరాన్ని విమానాలకు తెచ్చింది. చక్రంతోపాటు తిరిగే ఒక చిన్న బరువైన ఫ్లైవీల్ అందులో కీలకం. చక్రం హఠాత్తుగా నెమ్మదించినా ఫ్లైవీల్ తన ఊపులో తిరుగుతూనే ఉంటుంది. ఆ తేడాతో ఒక వాల్వు తెరుచుకుని బ్రేకు ఒత్తిడి వదులవుతుంది. 1966లో వచ్చిన జెన్సన్ ఎఫ్ఎఫ్ అనే బ్రిటిష్ కారులో ఇదే పరికరాన్ని వాడారు. నాలుగు చక్రాలకూ పనిచేసే ఎలక్ట్రానిక్ ఏబీఎస్ 1978లో మెర్సిడెస్ బెంజ్ ఎస్ క్లాస్ కారులో, బాష్ కంపెనీ తయారీగా, అమ్మకానికి వచ్చింది. అంతకు ముందు నమూనాల్లో కంట్రోల్ యూనిట్‌కు దాదాపు 1000 విడిభాగాలు కావలసి వచ్చేవి. చిప్‌లు వచ్చాక ఆ సంఖ్య 140కి పడిపోయింది. వేడికీ కుదుపులకూ తట్టుకుని ఏళ్ల తరబడి కారులో పనిచేయగలగడం అప్పుడే సాధ్యమైంది.

ఇప్పటి కారులో చక్రం బేరింగు పక్కన, ఇరుసు మీద, పళ్లున్న ఒక ఇనుప రింగు ఉంటుంది. చక్రంతోపాటే తిరుగుతుంది. దానికి దాదాపు ఒక మిల్లీమీటరు ఎడంగా, కదలకుండా, వేలెడంత సెన్సర్ ఉంటుంది. సెన్సర్‌లో ఒక అయస్కాంతం, దాని చుట్టూ రాగి తీగ చుట్ట. పన్ను ఎదురుగా వచ్చినప్పుడు, సందు వచ్చినప్పుడు అయస్కాంత బలం హెచ్చుతగ్గులవుతుంది. ఆ హెచ్చుతగ్గులకు తీగలో చిన్న విద్యుత్ అల పుడుతుంది. ఒక పన్నుకు ఒక అల. కొత్త కార్లలో చాలావాటికి ఇనుప పళ్ల బదులు బేరింగు సీలులోనే ఉత్తర, దక్షిణ ధ్రువాలు వరుసగా అద్దిన అయస్కాంత పట్టీ ఉంటుంది. సూత్రం మాత్రం అదే: చక్రం ఒక గడియారంలా టిక్కు టిక్కుమంటుంది, పెట్టె ఆ టిక్కులను లెక్కపెడుతుంది.

లెక్క ఎలా సాగుతుందో ఒక ఉదాహరణతో చూద్దాం. వాన కురిసి వెలిసిన హైవే. గంటకు 72 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 20 మీటర్ల చొప్పున, ఒక కారు పోతోంది. టైరు చుట్టుకొలత 1.8 మీటర్లు, రింగుకు 48 పళ్లు అనుకుందాం. చక్రం సెకనుకు 11 సార్లు చొప్పున తిరుగుతుంది, సెన్సర్ నుంచి సెకనుకు సుమారు 530 టిక్కులు వస్తాయి. రెండు టిక్కుల మధ్య ఎడం సెకనులో ఐదు వందలో వంతు కూడా లేదు. ఎదురుగా ఒక గేదె రోడ్డెక్కింది. డ్రైవరు బ్రేకును పూర్తిగా తొక్కేశాడు.

బ్రేకు ఆయిల్ ఒత్తిడి నాలుగు చక్రాలకూ పాకింది. కారు వేగం 68కి తగ్గేసరికి ముందు ఎడమ చక్రం రోడ్డంచున నిలిచిన నీళ్లలోకి దిగింది. అక్కడ పట్టు తక్కువ. సెకనులో ఇరవయ్యో వంతు గడిచేసరికి ఆ చక్రం వేగం 68 నుంచి 50కి పడిపోయింది. టిక్కులు సెకనుకు 500 నుంచి 370కి దిగాయి.

ఏబీఎస్ పెట్టె అనుమానించేది ఈ క్షణంలోనే. దాని తర్కం తేలికైనది: ఎంత మంచి రోడ్డు మీద, ఎంత మంచి టైర్లతోనైనా మామూలు కారు సెకనుకు 36 కిలోమీటర్ల వేగాన్ని మించి తగ్గించుకోలేదు. ఈ చక్రమేమో దానికి పదింతల జోరున నెమ్మదిస్తోంది. కాబట్టి నెమ్మదిస్తున్నది కారు కాదు, చక్రం ఒక్కటే. అంటే అది బిగుసుకోబోతోంది.

ఇక్కడ ఒక సందేహం రావాలి. కారు అసలు వేగం ఎంతో పెట్టెకు ఎలా తెలుసు? స్పీడోమీటరు కూడా చక్రాల లెక్క మీద ఆధారపడ్డదే కదా? నిజమే, కారు వేగాన్ని సూటిగా కొలిచే సాధనం దాని దగ్గర లేదు. నాలుగు చక్రాలూ చెప్పే వేగాలను పోల్చి చూసి, బ్రేకు తొక్కకముందు వేగం గుర్తుపెట్టుకుని, అక్కడి నుంచి కారు ఇంతకన్నా జోరుగా తగ్గలేదు అన్న హద్దుతో ఒక అంచనా వేగాన్ని క్షణక్షణం లెక్కగడుతూ ఉంటుంది. ప్రతి చక్రాన్నీ ఆ అంచనాతో పోలుస్తుంది. ఒత్తిడి వదిలినప్పుడల్లా చక్రం మళ్లీ కారు వేగాన్ని అందుకోబోతుంది కాబట్టి, అప్పుడు తన అంచనాను సరిచూసుకుంటుంది.

అనుమానం తీరాక ఇక పని వాల్వులది. బానెట్ కింద, మాస్టర్ సిలిండర్‌కూ చక్రాలకూ మధ్యలో, అల్యూమినియం దిమ్మ ఒకటి ఉంటుంది. ఒక్కో చక్రానికీ అందులో రెండేసి వాల్వులు, మొత్తం ఎనిమిది. కరెంటు ఇస్తే కదిలే వాల్వులివి, కొన్ని మిల్లీసెకన్లలో మూసుకుంటాయి, తెరుచుకుంటాయి. మొదటిది లోపలికి పంపే వాల్వు. మామూలుగా తెరిచే ఉంటుంది, పాదం ఒత్తిడిని చక్రం దాకా పోనిస్తుంది. రెండోది బయటికి వదిలే వాల్వు. మామూలుగా మూసే ఉంటుంది.

మన కారులో ముందు ఎడమ చక్రం పడిపోతుండగానే మొదటి వాల్వుకు కరెంటు వెళ్లి అది మూసుకుంటుంది. ఇక డ్రైవరు ఎంత తొక్కినా ఆ చక్రానికి కొత్త ఒత్తిడి చేరదు, ఉన్నది ఉన్నట్టు ఉంటుంది. అయినా చక్రం తగ్గుతూనే ఉంటే రెండో వాల్వు ఒక్క క్షణం తెరుచుకుంటుంది. కాస్త ఆయిల్ పక్కనున్న చిన్న గదిలోకి జారి ఒత్తిడి పడిపోతుంది, ప్యాడ్లు డిస్కును వదులు చేస్తాయి. అప్పుడు చక్రాన్ని తిప్పేది రోడ్డే. కింద రోడ్డు వెనక్కి పరుగెడుతూ చక్రాన్ని తనతో లాక్కుపోతుంది. 50 దగ్గరున్న చక్రం మళ్లీ 60 దాటుతుంది. వెంటనే రెండో వాల్వు మూసుకుని, మొదటిది మెల్లగా, మెట్లు మెట్లుగా తెరుచుకుంటుంది. ఒత్తిడి కొంచెం, ఇంకొంచెం పెరుగుతుంది. మళ్లీ శిఖరం దాటబోతే మళ్లీ మూత.

ఆపు, వదులు, పెంచు. ఈ మూడు అడుగుల ఆట సెకనుకు దాదాపు ఐదు నుంచి పది సార్లు సాగుతుంది. ఒక్కో ముందు చక్రానికి విడివిడిగా. వెనక రెండు చక్రాలకు మాత్రం చాలా కార్లలో ఒక జాగ్రత్త పాటిస్తారు. రెండిట్లో పట్టు తక్కువున్న దాన్ని బట్టి రెండిటికీ ఒకే ఒత్తిడి ఇస్తారు. బ్రేకు బలం కొంత వృథా అయినా వెనక భాగం పక్కకు జారకుండా ఉంటుంది.

చిన్న గదిలోకి జారిన ఆయిల్ అక్కడే ఉండిపోతే కుదరదు. ఒక మోటారు పంపు దాన్ని తోడి తిరిగి మాస్టర్ సిలిండర్ వైపు నెడుతుంది. అలా నెట్టినప్పుడల్లా ఆ దెబ్బ పెడల్‌కు తగులుతుంది. ఏబీఎస్ పనిచేసేటప్పుడు పాదం కింద వచ్చే దడదడ, బానెట్ కింది గరగర శబ్దం అవే. మొదటిసారి ఇది అనుభవమైనవాళ్లు ఏదో విరిగిందనుకుని హడలిపోయి పాదం తీసేస్తారు. ఏబీఎస్ ఉన్న బండి గుద్దుకోవడానికి ఇదొక కారణం. యంత్రం తన పని తాను చేస్తోందని చెప్పే శబ్దమది. అప్పుడు చేయాల్సింది పాదాన్ని ఇంకా గట్టిగా అదిమి పెట్టి, ఖాళీ ఉన్న వైపు స్టీరింగు తిప్పడం. తొక్కి వదిలే పాత అలవాటు ఇక్కడ పనికిరాదు. వదిలిన ప్రతిసారీ యంత్రం దగ్గరున్న ఒత్తిడిని మనమే లాగేసుకున్నట్టవుతుంది.

ఇంతకీ ఆ కారు ఎంత దూరంలో ఆగుతుంది? ఆ తడి రోడ్డు మీద శిఖరం దగ్గర పట్టుతో కారు సెకనుకు 6 మీటర్ల చొప్పున వేగం తగ్గించుకోగలిగితే, సుమారు 33 మీటర్లలో, మూడు సెకన్లకు కొంచెం పైన ఆగుతుంది. నాలుగు చక్రాలూ బిగుసుకుని జారుతూ, పట్టు 4.5కి తగ్గితే 44 మీటర్లు కావాలి. తేడా 11 మీటర్లు. అంతకంటే ముఖ్యం, ఆ మూడు సెకన్లూ స్టీరింగు వింటుంది. 25 మీటర్ల దూరంలో గేదె ఉంటే ఏ బ్రేకుతోనూ దాని ముందు ఆగలేం. పక్కనుంచి తప్పుకోగలం, అదీ చక్రాలు తిరుగుతుంటేనే. ఇక గేదెను చూసి పాదం బ్రేకు మీదికి వెళ్లడానికి ఒక సెకను పడితే ఆ సెకనులోనే కారు 20 మీటర్లు పోతుంది. ఆ దూరాన్ని ఏ వాల్వూ తగ్గించలేదు.

ఏబీఎస్ ఓడిపోయే చోట్లు కూడా ఉన్నాయి. కంకర, వదులు ఇసుక, గులక పరిచిన దారుల మీద బిగుసుకున్న చక్రం మట్టిని తన ముందు కుప్పగా తోసుకుని, ఆ కుప్పకు అడ్డుపడి ఆగుతుంది. చక్రాన్ని తిరగనిచ్చే ఏబీఎస్‌కు ఆ కుప్ప దొరకదు, అందుకే అలాంటి దారుల్లో ఆగే దూరం పెరగవచ్చు. అరిగిన టైర్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఉన్న పట్టును పూర్తిగా వాడుకోవడం వరకే దీని వంతు, లేని పట్టును పుట్టించలేదు.

రెండు చక్రాల బండి మీద దీని విలువ ఇంకా ఎక్కువ. కారు ముందు చక్రం బిగుసుకుంటే దారి తప్పుతుంది, బైకు ముందు చక్రం బిగుసుకుంటే మనిషి నేల మీద ఉంటాడు. మన దేశంలో 125 సీసీ దాటిన కొత్త మోడళ్లకు 2018 ఏప్రిల్ నుంచి, అప్పటికే అమ్ముడవుతున్న మోడళ్లకు 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి చేశారు. అయితే బైకు కొనేటప్పుడు ఒకటి అడిగి తెలుసుకోవాలి. సింగిల్ చానెల్ అంటే ముందు చక్రానికి మాత్రమే రక్షణ. గట్టిగా తొక్కితే వెనక చక్రం యథాప్రకారం బిగుసుకుని పక్కకు జారుతుంది. రెండు చక్రాలకూ కావాలంటే డ్యూయల్ చానెల్ చూసుకోవాలి.

ఈ వ్యవస్థలో చెడేది ఎక్కువగా దిమ్మా కాదు, పెట్టే కాదు. చక్రం దగ్గర, బురదకూ నీళ్లకూ ఎదురుగా ఉండే సెన్సర్, దాని వైరు, రింగు. అయస్కాంతం కదా, సెన్సర్ కొసకు ఇనుప రజను అంటుకుంటుంది. చక్రం కదిలినప్పుడల్లా వంగే వైరు లోపల తెగుతుంది. అన్నిటికంటే తమాషా జబ్బు రింగు పగలడం. పగులు దగ్గర రెండు పళ్ల మధ్య ఎడం పెరిగి, చక్రం తిరిగిన ప్రతిసారీ ఒక టిక్కు ఆలస్యంగా వస్తుంది. పెట్టె దాన్ని చక్రం హఠాత్తుగా నెమ్మదించినట్టు లెక్కగడుతుంది. ఫలితంగా పొడి రోడ్డు మీద, నెమ్మదిగా వచ్చి సిగ్నలు దగ్గర ఆగబోతుంటే, అనవసరంగా పెడల్ దడదడలాడి బండి రెండు అడుగులు ముందుకు జారుతుంది. ఇలా జరిగితే ప్యాడ్లు మార్పించి డబ్బు పోగొట్టుకునే ముందు మెకానిక్‌ను స్కానర్ పెట్టి నాలుగు చక్రాల వేగాలూ పక్కపక్కనే చూడమనాలి. మూడు ఒకే అంకె చూపుతూ ఒకటి మాత్రం ఎగిరెగిరి పడుతుంటే దొంగ దొరికినట్టే.

సెన్సర్ ఒకటి పలకడం మానేస్తే పెట్టె తానే తప్పుకుని డ్యాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగిస్తుంది. కరెంటు లేనప్పుడు మొదటి వాల్వు తెరిచి, రెండోది మూసి ఉండేలా చేయడంలో ఉపాయం ఇదే. పెట్టె పడుకున్నా పాదం నుంచి చక్రం దాకా దారి తెరిచే ఉంటుంది, మామూలు బ్రేకు పనిచేస్తుంది. కాకపోతే గట్టిగా తొక్కితే చక్రాలు మళ్లీ బిగుసుకుంటాయి. దాంతోపాటు ఎర్రటి బ్రేకు దీపం కూడా వెలిగితే మాత్రం బండి పక్కకు ఆపాల్సిందే.

తాళం తిప్పగానే ఆ పసుపు దీపం వెలిగి, కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. కొన్ని బైకుల్లో బండి కాస్త కదిలాకే ఆరుతుంది. అసలు ఆరకపోతే మెకానిక్ దగ్గరికి వెళ్లాలి. సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి: తాళం తిప్పినప్పుడు ఆ దీపం అసలు వెలగకపోతే, లోపం కనపడకుండా ఎవరో దాన్ని పీకేసి ఉండొచ్చు.